రిపోర్టులో కనిపించని అంకె

తండ్రికి చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిన ఇంట్లో లిపిడ్ ప్రొఫైల్‌ను ఎలా చదవాలి?

ఉదయం ఏడు గంటలకే డయాగ్నొస్టిక్ సెంటరు ముందు వరుసగా కుర్చీల్లో పరగడుపున కూర్చున్నవారిలో ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ల వయసువారు తప్పక కనిపిస్తున్నారు. మోచేతి వంపులో దూది అదిమిపట్టుకుని ఆఫీసుకు వెళ్లిపోతారు, సాయంత్రానికి రిపోర్టు ఫోనుకు వచ్చేస్తుంది. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 50 ఏళ్ల వయసులో, 2023 ఫిబ్రవరిలో నటుడు నందమూరి తారకరత్న 40 నిండకుండానే గుండె ఆగిన కారణంగా కన్నుమూసినప్పటి నుంచి తెలుగు ఇళ్లలో ఈ పరీక్ష గురించిన మాట ఆగడం లేదు. అయితే రిపోర్టు చేతికి వచ్చాక చాలామంది చూసేది ఒక్కటే. ఏ అంకె పక్కనైనా ఎర్ర రంగు ఉందా, లేదా? ఎరుపు లేకపోతే ఫోను పక్కన పెట్టేస్తారు. కుటుంబంలో గుండెజబ్బు ఉన్నవారి విషయంలో పొరపాటు సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. ఎందుకంటే ఆ రంగులు, ఆ హద్దులు అందరికీ కలిపి ముద్రించినవి. రక్తం ఇచ్చిన మనిషి తండ్రి గురించి ఆ యంత్రానికి ఏమీ తెలియదు.

ఒక రిపోర్టును దగ్గర నుంచి చూస్తే

విషయం స్పష్టంగా తెలియడం కోసం ఇక్కడ ఒక ఊహా ఉదాహరణను తీసుకోవచ్చు. 38 ఏళ్ల పురుషుడు, పొగ తాగడు, రక్తపోటు సాధారణంగానే ఉంది, నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1, అంటే మధుమేహానికి ముందు దశ. తండ్రికి 49వ ఏట గుండెపోటు వచ్చింది. అతని రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 192, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 240, ఎల్‌డీఎల్ 110 అని ఉన్నాయి. ఈ అంకెలన్నీ ఒక డెసిలీటరు రక్తంలో ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయో చెప్పేవి. మొత్తం కొలెస్ట్రాల్‌కు ల్యాబు హద్దు 200, ఎల్‌డీఎల్‌కు 130 అనుకుంటే ఆ రెండూ నల్ల అక్షరాల్లోనే ఉంటాయి. హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్ల దగ్గర మాత్రమే ఎరుపు కనిపిస్తుంది. “చెడు కొలెస్ట్రాల్ బాగానే ఉంది, కాస్త నడిస్తే సరిపోతుంది” అని ఇంట్లోవారు తేల్చేసే రిపోర్టు ఇది.

ఈ అంకెలు దేన్ని కొలుస్తాయో ముందుగా చూడాలి. కొలెస్ట్రాల్, కొవ్వు నీటిలో కరగవు కాబట్టి అవి రక్తంలో విడిగా తిరగలేవు. ప్రొటీన్ పొర కప్పుకున్న సూక్ష్మమైన రేణువుల్లో ఇమిడి ప్రయాణిస్తాయి. ఆ రేణువుల్లో ఎక్కువ కొలెస్ట్రాల్‌ను మోసుకెళ్తూ రక్తనాళం గోడలోకి చొరబడి అక్కడే చిక్కుకుపోయి ఏళ్ల తరబడి పూడికను పెంచేది ఎల్‌డీఎల్. కాలేయం నుంచి ట్రైగ్లిజరైడ్లను, అంటే శరీరం ఇంధనంగా వాడుకునే కొవ్వును మోసుకొచ్చేది వీఎల్‌డీఎల్. ఈ వీఎల్‌డీఎల్, అది కొవ్వును దించేశాక మిగిలే అవశేష రేణువులు కూడా గోడలోకి చొరబడగలవు. హెచ్‌డీఎల్ ఒక్కటే ఈ గుంపులోకి చేరదు.

ఆ 110 ఎవరూ కొలవని అంకె

చాలా రిపోర్టుల్లో కనిపించే ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరని తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. యంత్రం మొత్తం కొలెస్ట్రాల్‌ను, హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లను కొలుస్తుంది. ఎల్‌డీఎల్‌ను మాత్రం వాటి నుంచి లెక్కగడతారు. 1972లో అమెరికాలో విలియం ఫ్రైడ్‌వాల్డ్, రాబర్ట్ లెవీ, డొనాల్డ్ ఫ్రెడ్రిక్సన్ ప్రచురించిన సూత్రం ఇందుకు ఆధారం. అప్పట్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవాలంటే రక్తాన్ని అతివేగంగా తిప్పే ఖరీదైన యంత్రం కావాల్సి వచ్చేది కాబట్టి, ఆ శ్రమ లేకుండా అంచనా వేసే దారిని వారు చూపారు. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే వీఎల్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్ సుమారుగా వస్తుందని, మొత్తం నుంచి దాన్నీ హెచ్‌డీఎల్‌నూ తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్ అని ఆ సూత్రం చెబుతుంది. మన ఉదాహరణలో 240ని 5తో భాగిస్తే 48. 192లోంచి 34, 48 తీసేస్తే 110. రిపోర్టులోని అంకె అలా పుట్టింది.

ఈ సూత్రం ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉన్నవారికి చక్కగా పనిచేస్తుంది. అవి పెరిగేకొద్దీ, ముఖ్యంగా ఎల్‌డీఎల్ తక్కువగా ఉన్నవారిలో, అసలు కంటే తక్కువ చేసి చూపే ధోరణి ఎక్కువవుతుంది. 400 దాటితే దీన్ని వాడనే కూడదు. 2013లో వచ్చిన మార్టిన్–హాప్కిన్స్ పద్ధతి, 2020లో వచ్చిన సాంప్సన్ పద్ధతి ఈ లోపాన్ని కొంతవరకు సరిదిద్దాయి. కానీ ఏ ల్యాబు ఏ పద్ధతి వాడుతుందో రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో చూస్తే గానీ తెలియదు. అందుకే ఒక ఏడాది ఒక ల్యాబులో, మరుసటి ఏడాది ఇంకో ల్యాబులో చేయించుకున్న ఎల్‌డీఎల్‌లను పక్కపక్కన పెట్టి పోల్చడం అంత నమ్మకమైన పని కాదు.

ఒక తీసివేత చాలు

ఈ చిక్కునుంచి బయటపడే అంకె నాన్-హెచ్‌డీఎల్. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌ను తీసేస్తే అది వచ్చేస్తుంది. కొన్ని ల్యాబులు దీన్ని ముద్రిస్తాయి, కొన్ని వదిలేస్తాయి. ముద్రించినా దాని మీద చూపు నిలిపేవారు తక్కువ. మన ఉదాహరణలో 192లోంచి 34 తీసేస్తే 158. రక్తనాళం గోడలోకి చొరబడగల రేణువులన్నింటిలోనూ, అంటే ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్, అవశేషాలు అన్నింటిలోనూ కలిపి ఉన్న కొలెస్ట్రాల్ ఇది. ఇందులో ఊహాజనిత భాగహారం లేదు. పరగడుపున ఇచ్చినా, టిఫిన్ తిన్నాక ఇచ్చినా ఈ అంకె పెద్దగా మారదు.

హద్దులను గుర్తుంచుకోవడం కూడా తేలికే. నాన్-హెచ్‌డీఎల్ లక్ష్యం ఎల్‌డీఎల్ లక్ష్యం కంటే 30 ఎక్కువ ఉంటుంది. కార్డియొలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం ముప్పు తక్కువగా ఉన్నవారికి ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్-హెచ్‌డీఎల్ 130 లోపు ఉండాలి. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఆ హద్దులు 70, 100. ఇప్పటికే గుండెపోటు వచ్చినవారి వంటి అత్యధిక ముప్పు ఉన్నవారికి 55, 85. మన 38 ఏళ్ల వ్యక్తి ఎల్‌డీఎల్ 110 కొంచెమే దాటినట్టు కనిపిస్తుంది. నాన్-హెచ్‌డీఎల్ 158 మాత్రం అతి సడలింపు ఉన్న హద్దుకే 28 పైన ఉంది. తీసివేత చేసేవరకు ఈ తేడా కంటబడదు.

తెలుగువారికి, ఆ మాటకొస్తే దక్షిణాసియా వారందరికీ, ఈ తీసివేత ఇంకాస్త ముఖ్యం. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, ఎల్‌డీఎల్ మాత్రం ఓ మోస్తరుగా ఉండే తీరు ఇక్కడ తరచుగా కనిపిస్తుంది. ఆ స్థితిలో ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవిగా, సాంద్రమైనవిగా మారి సంఖ్యలో ఎక్కువవుతాయి. వంద కిలోల బియ్యాన్ని నాలుగు పెద్ద బస్తాల్లో పోయవచ్చు, ఇరవై చిన్న సంచుల్లోనూ పోయవచ్చు; తూకం ఒకటే అయినా సంచుల లెక్క వేరు. రక్తనాళం గోడకు చేటు చేసేది ఈ సంచుల లెక్కే. రేణువుల సంఖ్యను నేరుగా చెప్పే పరీక్ష అపోలైపోప్రొటీన్-బి. ఎందుకంటే ఒక్కో హానికర రేణువు మీద ఆ ప్రొటీన్ అణువు ఒక్కటే ఉంటుంది. ఆ పరీక్ష అందుబాటులో లేని చోట నాన్-హెచ్‌డీఎల్ దానికి చాలా దగ్గరగా నిలబడుతుంది, పైగా దానికి అదనపు ఖర్చు లేదు.

> పరగడుపు తప్పనిసరా?
> మొదటి పరీక్షకు అక్కర్లేదు. మామూలు భోజనం తర్వాత ట్రైగ్లిజరైడ్లు కొంత పెరుగుతాయి గానీ మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ పెద్దగా కదలవు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మాత్రం పరగడుపున మళ్లీ చేయించాలి. జ్వరం వంటి తీవ్ర అనారోగ్యం, శస్త్రచికిత్స, గుండెపోటు వచ్చిన కొద్ది వారాల్లో ఎల్‌డీఎల్ అసలు కంటే తక్కువగా రావచ్చు. గర్భిణుల్లో ఎక్కువగా వస్తుంది. ఏ మార్పూ లేకపోయినా ఒకే మనిషిలో రోజుకూ రోజుకూ ట్రైగ్లిజరైడ్లు ఇరవై శాతానికి పైగా మారగలవు కాబట్టి ఒకే రిపోర్టుతో తీర్పు ఇవ్వరు.

మంచి కొలెస్ట్రాల్ మీద పెట్టుకున్న ఆశ

హెచ్‌డీఎల్ 34 అని చూడగానే దాన్ని ఎలా పెంచాలన్నదే ఇంట్లో మొదటి ప్రశ్న అవుతుంది. పురుషుల్లో 40 కంటే, స్త్రీలలో 50 కంటే తక్కువ హెచ్‌డీఎల్ ఉన్నవారికి గుండెజబ్బు ఎక్కువన్నది నిజమే. కానీ హెచ్‌డీఎల్‌ను పెంచే మందులు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను బాగా పెంచినా, దాన్ని తీసుకున్నవారిలో మరణాలు ఎక్కువ కావడంతో 2006లో ఆ పరిశోధనను ఆపేశారు. నియాసిన్‌తో చేసిన పెద్ద పరిశోధనలూ నిరాశపరిచాయి. అందువల్ల తక్కువ హెచ్‌డీఎల్‌ను ఇప్పుడు వైద్యులు ఒక సూచనగా చదువుతారు. నడుము చుట్టూ కొవ్వు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, ఎక్కువ ట్రైగ్లిజరైడ్లు, కదలిక లేని రోజు, పొగ అనే వాటిలో ఏదో ఒకటి వెనుక ఉందని అది చెబుతుంది. హెచ్‌డీఎల్ 65 ఉందని ఎల్‌డీఎల్ 160ని వదిలేయడమూ ఇదే కారణంతో సరికాదు.

ట్రైగ్లిజరైడ్ల కథ వంటింటికి దగ్గరగా ఉంటుంది. నూనె మానేశాం, అయినా ఎందుకు పెరిగాయి అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు పళ్లెంలో మూడొంతులు ఆక్రమించిన తెల్లన్నంలో, చక్కెర టీల్లో, పళ్లరసాల్లో, మద్యంలో దొరుకుతుంది. అవసరానికి మించిన పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి వీఎల్‌డీఎల్‌లో పెట్టి రక్తంలోకి పంపుతుంది. మన ఉదాహరణలోని 6.1 హెచ్‌బీఏ1సీ, 98 సెంటీమీటర్ల నడుము ఈ 240కి తోబుట్టువులే. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే వైద్యుడి దృష్టి గుండె నుంచి క్లోమగ్రంథి వైపు మళ్లుతుంది. అంకె ఇంకా పైకి పోయేకొద్దీ ఆ గ్రంథి వాచి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది.

తండ్రి వయసు ఎందుకు అడుగుతారు?

కుటుంబంలో గుండెజబ్బు ఉందన్న మాటకు వైద్యంలో కచ్చితమైన అర్థం ఉంది. తండ్రికి లేదా అన్నదమ్ముల్లో ఒకరికి 55 ఏళ్లలోపు, తల్లికి లేదా అక్కచెల్లెళ్లలో ఒకరికి 65 ఏళ్లలోపు గుండెపోటు వచ్చినా, స్టెంట్ వేసినా, బైపాస్ జరిగినా అది లెక్కలోకి వస్తుంది. తాతకు 78వ ఏట వచ్చిన గుండెపోటుకు ఆ బరువు లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్న వయసులో జబ్బు వస్తే పిల్లలకు ముప్పు సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. ఈ ముప్పు కొలెస్ట్రాల్, రక్తపోటు, చక్కెర అన్నీ లెక్కలోంచి తీసేసినా పూర్తిగా మాసిపోదు. అందుకే ఒకే 158ని ఇద్దరు మనుషుల్లో రెండు రకాలుగా చదవాల్సి వస్తుంది. ఏ జబ్బూ లేని కుటుంబంలో పుట్టినవారికి అది ఆహారం, నడకలతో మొదలుపెట్టి కొన్నాళ్లు చూడదగిన అంకె కావచ్చు. తండ్రికి 49లో గుండెపోటు వచ్చిన వ్యక్తికి మందు గురించిన సంభాషణను తెరిచే అంకె.

దీని వెనుక మరో కారణం కాలం. పూడిక ఒక్క ఏడాది అంకెతో తయారు కాదు, అది ఇన్నేళ్లూ పోగుపడిన కొలెస్ట్రాల్ భారం. పదేళ్లలో గుండెపోటు వచ్చే అవకాశాన్ని లెక్కగట్టే పట్టికలు వయసుకు ఎక్కువ విలువ ఇస్తాయి కాబట్టి 38 ఏళ్లవారికి దాదాపు ఎప్పుడూ “తక్కువ ముప్పు” అనే చూపిస్తాయి. తండ్రికి జబ్బు వచ్చిన వయసుకు ఇంకా పదకొండేళ్లే ఉందన్న సంగతిని వాటిలో చాలావరకు లెక్కలోకి తీసుకోవు.

అన్నీ బాగున్న చెల్లెలు

అదే ఇంట్లో 34 ఏళ్ల చెల్లెలు కూడా పరీక్ష చేయించుకుందనుకోవాలి. మొత్తం కొలెస్ట్రాల్ 168, హెచ్‌డీఎల్ 52, ట్రైగ్లిజరైడ్లు 105. సూత్రం ప్రకారం ఎల్‌డీఎల్ 95, తీసివేత ప్రకారం నాన్-హెచ్‌డీఎల్ 116. ఎక్కడా ఎరుపు లేదు, తీసివేతలోనూ దాగినది లేదు. అయినా ఆమెను వదిలేయకూడదు. తండ్రి నుంచి రాగల ఒక వస్తువు మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో విడిగా కనిపించదు. దాని పేరు లైపోప్రొటీన్-ఎ. ఎల్‌డీఎల్ వంటి రేణువుకే అదనంగా మరో ప్రొటీన్ తగిలించుకున్న రూపం ఇది. దాని స్థాయిని దాదాపు పూర్తిగా జన్యువులే నిర్ణయిస్తాయి. ఆహారం మార్చినా, నడిచినా కదలదు. స్టాటిన్ మాత్రలకూ తగ్గదు. అందుకే పెద్దవారిలో జీవితంలో ఒక్కసారి కొలిస్తే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువగా పరిగణిస్తారు. కొన్ని ల్యాబులు దీన్ని నానోమోల్స్‌లో ఇస్తాయి, అక్కడ హద్దు 125.

చెల్లెలికి ఇది 92 అని వస్తే చేయాల్సింది ఏమిటి? దీన్ని ప్రత్యేకంగా తగ్గించే మందులు ఇంకా పరిశోధన దశలో ఉన్నాయి. కాబట్టి తగ్గించగలిగిన మిగతావాటిని, అంటే ఎల్‌డీఎల్, రక్తపోటు, చక్కెరలను మామూలు హద్దుల కంటే కిందికి తెచ్చి నిలపడమే మార్గం. 95 ఎల్‌డీఎల్ ఆమె విషయంలో సరిపోతుందా అన్నది అప్పుడు మళ్లీ అడగాల్సిన ప్రశ్న. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న స్త్రీలకు స్టాటిన్లు సాధారణంగా ఇవ్వరు కాబట్టి ఆ విషయం వైద్యుడికి ముందే చెప్పాలి.

> 190 దాటితే
> పెద్దవారిలో ఎల్‌డీఎల్ 190కి, పిల్లల్లో కుటుంబ చరిత్రతో పాటు 160కి చేరితే వంశపారంపర్య అధిక కొలెస్ట్రాల్‌ను అనుమానించాలి. సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉండే ఈ లోపంలో కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను సరిగా పట్టి లోపలికి లాక్కోలేదు. ఆ పట్టే వ్యవస్థను కనుగొన్నందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. మడమ వెనుక స్నాయువు మందమవడం, వేళ్ల కణుపుల మీద గట్టి గడ్డలు, 45 ఏళ్లలోపే కనుపాప చుట్టూ బూడిద వలయం దీని గుర్తులు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో ఇద్దరి వైపు నుంచీ ఈ లోపం వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాంటి పిల్లల్లో ఎల్‌డీఎల్ 400 దాటి చిన్నతనంలోనే రక్తనాళాలు పూడుకుపోతాయి. థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, మూత్రపిండాల నుంచి ప్రొటీన్ పోవడం కూడా ఎల్‌డీఎల్‌ను పెంచుతాయి కాబట్టి ముందుగా వాటిని తోసిపుచ్చాలి.

మూడు నెలల తర్వాత వచ్చే కంగారు

అన్న కథకు తిరిగి వస్తే, అతను అన్నం సగానికి తగ్గించి, చక్కెర టీలు మాని, రోజూ ముప్పావు గంట వేగంగా నడిచి, నాలుగు కిలోలు తగ్గి మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకున్నాడనుకోవాలి. మొత్తం కొలెస్ట్రాల్ 184, హెచ్‌డీఎల్ 37, ట్రైగ్లిజరైడ్లు 145. సూత్రంలో వేస్తే 145ని 5తో భాగించగా 29. 184లోంచి 37, 29 తీసేస్తే ఎల్‌డీఎల్ 118. ఇంత శ్రమ తర్వాత చెడు కొలెస్ట్రాల్ 110 నుంచి 118కి పెరిగిందేమిటన్న కంగారు చాలా ఇళ్లలో ఇలాగే మొదలవుతుంది. కొందరు అక్కడే నడక మానేస్తారు. నిజానికి ట్రైగ్లిజరైడ్లు తగ్గడంతో సూత్రంలో తీసేసే అంకె 48 నుంచి 29కి పడిపోయింది, ఎల్‌డీఎల్ అనే మిగులు అందుకే పెరిగింది. మొదటి రిపోర్టులో అది అసలు కంటే తక్కువగా కనిపించి ఉండవచ్చు కూడా. నాన్-హెచ్‌డీఎల్ మాత్రం 158 నుంచి 147కి దిగింది. శ్రమ ఫలించిందని, అయితే ఆహారం ఒక్కటే ఇక్కడ సరిపోదని రెండింటినీ ఆ అంకె ఒకేసారి చెబుతుంది.

తండ్రి చరిత్ర, చక్కెర ముందు దశ, ఇంకా 130 పైనే ఉన్న నాన్-హెచ్‌డీఎల్ కలిసినప్పుడు వైద్యుడు స్టాటిన్ మొదలుపెట్టమనడం సబబే. కొలెస్ట్రాల్ తయారీని కాలేయంలో తగ్గించి, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను అది మరింతగా లోపలికి లాక్కునేలా చేసే మందు ఇది. రోసువాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల మోతాదు ఎల్‌డీఎల్‌ను సుమారు 45 శాతం తగ్గించగలదు. మోతాదును రెట్టింపు చేస్తే అదనంగా వచ్చేది ఆరు శాతం మాత్రమే, అందుకే అవసరమైతే మోతాదు పెంచుకుంటూ పోకుండా పేగులో కొలెస్ట్రాల్ శోషణను అడ్డుకునే ఎజెటిమైబ్‌ను జతచేస్తారు. ఎల్‌డీఎల్ సుమారు 39 తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలు ఐదింట ఒక వంతు మేర తగ్గుతాయని స్టాటిన్ పరిశోధనలన్నింటినీ కలిపి చూసిన విశ్లేషణలు తేల్చాయి. కండరాల నొప్పి వస్తే మాత్రను సొంతంగా మానేయకుండా వైద్యుడికి చెప్పాలి. మోతాదు మార్చడానికి, మందు మార్చడానికి వీలుంటుంది.

మాత్ర మొదలైన ఆరు నుంచి పన్నెండు వారాల్లో మళ్లీ పరీక్ష చేస్తారు. అప్పుడు అతనికి మొత్తం కొలెస్ట్రాల్ 128, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 120 వస్తే, ఎల్‌డీఎల్ 66, నాన్-హెచ్‌డీఎల్ 90 అవుతాయి. ఎక్కువ ముప్పు ఉన్నవారికి చెప్పిన 70, 100 హద్దులు రెండూ దాటి లోపలికి వచ్చినట్టే. ఆ అంకెలు మాత్ర వల్ల అలా ఉన్నాయి. మాత్ర మానేస్తే కొద్ది వారాల్లోనే పాత స్థాయికి చేరతాయి. విదేశాల్లో ఉన్న తోబుట్టువులకు రిపోర్టు పంపి పోల్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లో అంకెలు మిల్లీమోల్స్‌లో ఉంటాయి. అక్కడి కొలెస్ట్రాల్ అంకెను 38.7తో, ట్రైగ్లిజరైడ్లను 88.6తో గుణిస్తే ఇక్కడి లెక్కకు వస్తాయి. అక్కడ 3.8గా ఉన్న నాన్-హెచ్‌డీఎల్ ఇక్కడి 147తో సమానం.

తర్వాతి తరానికి ఉపయోగపడేలా ఈ ఇంట్లో రాసిపెట్టుకోవాల్సినవి కొన్నే ఉన్నాయి: తండ్రికి జబ్బు వచ్చిన వయసు, మందులు మొదలుపెట్టకముందు ఆయన కొలెస్ట్రాల్, అన్నాచెల్లెళ్లిద్దరి లైపోప్రొటీన్-ఎ. మామూలుగా తొలి లిపిడ్ పరీక్షను 18 ఏళ్లకు చేయించమంటారు. ఇలాంటి చరిత్ర ఉన్న ఇంటి పిల్లలకు అంతకంటే ముందే చేయించాలి.